వడ్డీ లేదు, గడువు లేదు... అయినా అప్పే!

ఏ పెద్ద కంపెనీ వార్షిక నివేదిక అయినా తెరిచి, బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు ఒక్కో వరుసా చూసుకుంటూ రండి. బ్యాంకు రుణాలు, సరుకు ఇచ్చిన వాళ్ల బాకీలు, ఉద్యోగుల గ్రాట్యుటీ... వీటి మధ్య ఎక్కడో ‘డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ’ అని ఒక వరుస తగులుతుంది. బ్యాంకు రుణానికి వాయిదా తేదీ ఉంటుంది, వడ్డీ ఉంటుంది, తాకట్టు కాగితాలుంటాయి. దీనికి అవేవీ ఉండవు. ఆదాయపు పన్ను శాఖను అడిగితే ‘ఆ కంపెనీ మాకు ఇవ్వాల్సిందంతా కట్టేసింది, రూపాయి కూడా బాకీ లేదు’ అంటుంది. ఆడిటర్‌ను అడిగితే ‘లేదు, ఇది బాకీయే’ అంటాడు. చిత్రమేమిటంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఈ తిరకాసు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఒకే యంత్రానికి రెండు రకాల తరుగుదల లెక్క ఎందుకు వేస్తారో ముందు చూడాలి.

ఒక యంత్రం, రెండు లెక్కలు

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు ఉందనుకుందాం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా రిజిస్టర్ అయింది. ఏప్రిల్ నెలలోనే కోటి రూపాయలు పెట్టి కొత్త యంత్రాలు బిగించి, మిల్లు ఆడించడం మొదలుపెట్టింది. ఆ కోటి రూపాయలనూ మొదటి ఏడాదే ఖర్చుగా రాసుకోవడానికి వీల్లేదు. యంత్రం ఎన్నాళ్లు పనిచేస్తుందో అన్నాళ్లకీ ఆ ఖర్చును పంచాలి. అదే తరుగుదల, అందరి నోటా డిప్రిసియేషన్.

ఎలా పంచాలన్న దగ్గరే దారులు చీలతాయి. వాటాదారులకూ బ్యాంకుకూ చూపించే లెక్కలకు 2013 నాటి కంపెనీల చట్టం దారి చూపిస్తుంది. ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో ఏ ఆస్తికి ఎంత ఆయుష్షో రాసి ఉంది. ఇలాంటి మామూలు యంత్రాలకు 15 ఏళ్లు. చివర్లో తుక్కు విలువ కింద 5 శాతానికి మించకుండా మిగల్చవచ్చు. మన మిల్లు సమాన వాయిదాల పద్ధతి ఎంచుకుందనుకుంటే, 95 లక్షలను 15తో భాగించాలి. ఏడాదికి 6 లక్షల 33 వేలు. మొదటి ఏడాదీ అంతే, పదిహేనో ఏడాదీ అంతే.

పన్ను కట్టేటప్పుడు ఈ లెక్క చెల్లదు. అక్కడ ఆదాయపు పన్ను చట్టం చెప్పిన రేటే వేయాలి. యంత్రాలకు ఆ రేటు 15 శాతం. అయితే ఆ 15 శాతం కొన్న ధర మీద కాదు, ఏటా మిగిలిన విలువ మీద. మొదటి ఏడాది కోటి మీద 15 లక్షలు. మిగిలింది 85 లక్షలు కాబట్టి రెండో ఏడాది 12 లక్షల 75 వేలు. మూడో ఏడాది 10 లక్షల 84 వేలు. ఇలా మొదట్లో ఎక్కువగా ఉండి, పోనుపోను సన్నబడుతుంది. 1961 నాటి చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చినా, మిగిలిన విలువ మీద తరుగుదల లెక్కగట్టే పద్ధతి అలాగే ఉంది.

సర్కారు మొదట్లో ఎక్కువ తరుగుదల ఇవ్వడానికి కారణం ఉంది. యంత్రం కొన్న తొలి ఏళ్లలోనే కంపెనీకి బ్యాంకు కిస్తీల భారం ఎక్కువ. అప్పుడు పన్ను తగ్గితే చేతిలో నగదు మిగులుతుంది. కొత్త పెట్టుబడికి అది పరోక్షంగా ఇచ్చే ఊతం.

మొదటి ఏడాది లెక్క

మన మిల్లుకు తరుగుదల తీయకముందు ఏటా 50 లక్షల లాభం వస్తోందనుకుందాం. పన్ను కింద తక్కువ రేటును ఎంచుకుంది. 22 శాతం పన్ను, దాని మీద 10 శాతం సర్‌చార్జి, ఆ మొత్తం మీద 4 శాతం సెస్సు కలిపితే 25.168 శాతం.

కంపెనీ లెక్కల్లో 50 లక్షల్లోంచి 6.33 లక్షలు తీస్తే లాభం 43 లక్షల 67 వేలు. పన్ను లెక్కలో 15 లక్షలు తీస్తే ఆదాయం 35 లక్షలే. పన్ను శాఖకు కట్టాల్సింది 35 లక్షల మీద, అంటే 8 లక్షల 81 వేలు. మిల్లు ఆ డబ్బు కట్టేసింది. శాఖ దృష్టిలో ఆ ఏడాది పద్దు ముగిసింది.

కానీ వాటాదారులకు చూపించిన లాభం 43.67 లక్షలు. దాని మీద ఇదే రేటున పన్ను వేస్తే 10 లక్షల 99 వేలు కావాలి. కట్టింది 8.81 లక్షలు. తేడా 2 లక్షల 18 వేలు. ఇది మాఫీ అయిందా? కాలేదు. తరుగుదలను ముందే ఎక్కువగా వాడేసుకున్నారు కాబట్టి వెనకటి ఏళ్లకు తక్కువ మిగిలింది. అప్పుడు పన్ను ఎక్కువ పడుతుంది. అందుకని ఆడిటర్ ఈ 2.18 లక్షలను ఈ ఏడాది ఖర్చులోనే డిఫర్డ్ టాక్స్ పేరుతో కలిపిస్తాడు. అంతే మొత్తాన్ని బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు పెట్టిస్తాడు.

ఇక్కడ మిల్లు యజమాని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘మరి దీన్ని ఎప్పుడు కట్టాలి?’ దానికి జవాబు ఈ కింది పట్టికలో ఉంది. అంకెలన్నీ లక్షల్లో.

| సంవత్సరం | కంపెనీ తరుగుదల | పన్ను తరుగుదల | ఏడాది చివర డిఫర్డ్ టాక్స్ |
|---|---|---|---|
| 1 | 6.33 | 15.00 | 2.18 |
| 2 | 6.33 | 12.75 | 3.80 |
| 6 | 6.33 | 6.66 | 6.11 |
| 7 | 6.33 | 5.66 | 5.94 |
| 10 | 6.33 | 3.47 | 4.27 |
| 14 | 6.33 | 1.81 | 0.27 |

ఆరో ఏడాది దాకా పన్ను తరుగుదలదే పైచేయి. అందుకే బాకీ పెరుగుతూ 6.11 లక్షలకు చేరింది. ఏడో ఏడాది నుంచి కథ తిరగబడింది. కంపెనీ లెక్కల్లో 6.33 లక్షలు పోతుంటే పన్ను లెక్కలో 5.66 లక్షలే వస్తోంది. అంటే పన్ను పడే ఆదాయం లాభం కన్నా పెద్దదైంది. పదో ఏడాది మిల్లు నగదుగా కట్టే పన్ను 11 లక్షల 71 వేలు. అందులో 72 వేలు పాత బాకీలోంచి తీసేస్తారు కాబట్టి లాభనష్టాల ఖాతాలో పడే భారం మళ్లీ 10.99 లక్షలే.

కాబట్టి ఆ బాకీని ఎవరూ చెక్కు రాసి విడిగా కట్టరు. ఏడో ఏడాది తర్వాత మామూలు పన్నులోనే కాస్త కాస్త కలిసిపోయి అది తీరిపోతుంది. శాఖ నుంచి నోటీసు రాదు, చలానా ఉండదు. అందుకే శాఖ పద్దుల్లో అది కనిపించదు, కంపెనీ పద్దుల్లో మాత్రం ఉంటుంది.

రాయకపోతే ఏమవుతుంది?

కట్టిన పన్నునే ఖర్చుగా చూపించి ఊరుకుంటే నష్టమేముందని అనిపించవచ్చు. మన మిల్లుకే చూడండి. ఏటా అదే వ్యాపారం, అదే 50 లక్షలు. కట్టిన పన్ను మాత్రమే తీస్తే మొదటి ఏడాది నికర లాభం 34 లక్షల 86 వేలు. పదో ఏడాది 31 లక్షల 96 వేలు. మిల్లులో ఒక్క బస్తా తగ్గలేదు, ధర పడిపోలేదు. అయినా కంపెనీ ఏడాదికేడాది దిగజారిపోతున్నట్టు కనిపిస్తుంది. డిఫర్డ్ టాక్స్ కలిపి రాస్తే ప్రతి ఏడాదీ 32 లక్షల 68 వేలే. వ్యాపారం ఎలా ఉందో లాభమూ అలాగే కనిపిస్తుంది.

మొదటి ఏడాది ఎక్కువగా కనిపించిన ఆ రెండు లక్షలను చూసి డివిడెండ్ పంచేస్తే, తర్వాతి ఏళ్లలో పన్ను పెరిగినప్పుడు చేతిలో డబ్బుండదు. ఈ ప్రమాదం పుస్తకాల్లోది కాదు, మన దేశంలో నిజంగా చర్చకు వచ్చిందే. లాభాలు ఘనంగా చూపించి, డివిడెండ్లు పంచి, పన్ను మాత్రం కట్టని కంపెనీలకు అప్పట్లో ‘జీరో టాక్స్ కంపెనీలు’ అని పేరుండేది. వాటి నుంచి కనీసం కొంతైనా రాబట్టాలని 1987 బడ్జెట్‌లో పుస్తక లాభం మీద కనీస పన్ను తెచ్చారు. లెక్కల వైపు నుంచి సవరణ మాత్రం 2001లో వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా తెచ్చిన 22వ అకౌంటింగ్ స్టాండర్డ్ ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి లిస్టయిన కంపెనీలకూ, మరుసటి ఏడాది నుంచి మిగతా కంపెనీలకూ వర్తించింది. అది కంపెనీల చట్టానికి విరుద్ధమంటూ కొన్ని కంపెనీలు కోర్టుకెక్కాయి. జేకే ఇండస్ట్రీస్ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఆ స్టాండర్డ్ చెల్లుతుందని తీర్పిచ్చింది.

పెద్ద కంపెనీలు ఇప్పుడు ఇండ్ ఏఎస్ 12 అనే మరో స్టాండర్డ్‌ను పాటిస్తున్నాయి. పాత స్టాండర్డ్ లాభాల మధ్య తేడాను చూస్తుంది, కొత్తది ఆస్తి విలువల మధ్య తేడాను చూస్తుంది. తరుగుదల విషయంలో మాత్రం ఏ దారిన వెళ్లినా మన మిల్లుకు వచ్చే అంకె ఒకటే. సొంత పేరు మీద నడిచే చిన్న వ్యాపారాల్లో చాలామంది తమ లెక్కల్లో కూడా ఆదాయపు పన్ను రేట్లే వేసుకుంటారు. వాళ్లకి తేడాయే రాదు కాబట్టి ఈ తలనొప్పీ లేదు.

రేటు మారితే బాకీ మారుతుంది

ఈ బాకీకి గడువు లేకపోయినా ఒక బలహీనత ఉంది. రేపు ఏ రేటున తీరుతుందో ఆ రేటు మీదే దాని విలువ ఆధారపడి ఉంటుంది. 2019 సెప్టెంబరు 20న కేంద్రం ఆర్డినెన్స్‌తో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు అది అందరికీ తెలిసొచ్చింది. పాత పద్ధతిలో పెద్ద కంపెనీలకు సర్‌చార్జి, సెస్సు కలిపి రేటు 34.944 శాతం దాకా ఉండేది. మినహాయింపులు వదులుకుంటే 25.168 శాతం.

మన మిల్లు ఆరో ఏడాది చివర పరిస్థితినే ఒక పెద్ద కంపెనీకి అన్వయించండి. రెండు లెక్కల మధ్య పోగైన తేడా 24 లక్షల 28 వేలు. పాత రేటున డిఫర్డ్ టాక్స్ 8 లక్షల 49 వేలు, కొత్త రేటున 6 లక్షల 11 వేలు. అంటే ఒక్క సంతకంతో 2 లక్షల 37 వేల బాకీ కరిగిపోయి లాభంలో కలుస్తుంది. పైసా నగదు రాదు, కానీ లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ ఏడాది ఫలితాలు చదివేటప్పుడు లాభం వ్యాపారంలో వచ్చిందా, రేటు మారి వచ్చిందా అని వేరు చేసి చూడాల్సి వచ్చింది. డిఫర్డ్ టాక్స్ ఆస్తుల వైపున్న కంపెనీలకు ఇదే కోత నష్టంగా తగిలింది.

ఆస్తుల వైపు ఎందుకుంటుంది?

తరుగుదల వల్ల ఎప్పుడూ బాకీయే రావాలని లేదు. కంప్యూటర్ సంగతి చూడండి. కంపెనీ లెక్కల్లో దాని ఆయుష్షు మూడేళ్లు, పన్ను లెక్కలో రేటు 40 శాతం. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ మీద మొదటి ఏడాది పన్ను తరుగుదల 40 వేలు, కంపెనీ తరుగుదల 31,667. తేడా 8 వేల పైచిలుకే. రెండో ఏడాది పన్ను వైపు 24 వేలకు పడిపోతుంది, కంపెనీ వైపు మళ్లీ 31,667. మూడో ఏడాది ముగిసేసరికి కంపెనీ పుస్తకాల్లో దాని విలువ 5 వేలు, పన్ను లెక్కలో ఇంకా 21,600. అంటే కంపెనీ ఖర్చుగా రాసేసుకున్నా, శాఖ దగ్గర వాడుకోవాల్సిన తరుగుదల ఇంకా మిగిలి ఉంది. అది రాబోయే ఏళ్లలో పన్ను తగ్గిస్తుంది. కాబట్టి ఆస్తి. కంప్యూటర్ల మీదే నడిచే సంస్థల్లో తరుగుదల పద్దు కింద డిఫర్డ్ టాక్స్ ఆస్తి కనిపిస్తే అందుకు ఇదొక కారణం.

మన మిల్లు యంత్రాలకూ చివర్లో ఇదే జరుగుతుంది. పదిహేనో ఏడాది ముగిసేనాటికి కంపెనీ పుస్తకాల్లో 5 లక్షల తుక్కు విలువ ఉంటే, పన్ను లెక్కలో 8 లక్షల 74 వేలు మిగిలి ఉంటుంది. మిగిలిన విలువ మీద శాతం వేసే పద్ధతిలో అంకె ఎప్పటికీ సున్నా కాదు. బాకీ కాస్తా తిరగబడి చిన్న ఆస్తి అవుతుంది.

యంత్రాన్ని మధ్యలోనే అమ్మేస్తే?

నాలుగేళ్లు పూర్తయ్యాక, ఐదో ఏడాది మొదట్లోనే మిల్లు ఆ యంత్రాలను 70 లక్షలకు అమ్మేసిందనుకోండి. కంపెనీ పుస్తకాల్లో విలువ 74 లక్షల 67 వేలు, కాబట్టి 4.67 లక్షల నష్టం. పన్ను లెక్కలో విలువ 52 లక్షల 20 వేలే. ఆ రేటుకి చెందిన యంత్రాలు మిల్లులో వేరే ఏవీ లేకపోతే 17 లక్షల 80 వేల లాభం వచ్చినట్టే, దాని మీద 4 లక్షల 48 వేల పన్ను వెంటనే కట్టాలి. నష్టానికి అమ్మి పన్ను కట్టడమేమిటని యజమాని మండిపడతాడు. కానీ ఆ పన్ను కొత్తది కాదు. నాలుగేళ్లుగా పోగైన 5 లక్షల 65 వేల డిఫర్డ్ టాక్స్ బాకీ ఆ రోజు తీరిపోతుంది. రెండూ కలిపి చూస్తే మిల్లుకు 1 లక్ష 17 వేల ఊరట. సరిగ్గా 4.67 లక్షల నష్టం మీద పన్నెంతో అంతే.

అదే రేటు యంత్రాలు మరికొన్ని ఉంటే ఇంత దెబ్బ ఒక్కసారిగా పడదు. పన్ను చట్టం ఒకే రేటు ఆస్తులన్నిటినీ ఒక బ్లాకుగా చూస్తుంది. అమ్మిన డబ్బును బ్లాకు విలువలోంచి తీసేస్తుంది, అంతే. రాబోయే ఏళ్లలో తరుగుదల తగ్గి, ఆ పన్ను మెల్లగా వసూలవుతుంది.

పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయి?

అకౌంటెంట్లు ఎక్కువగా చేసే తప్పు, ఆ ఏడాది తరుగుదలల తేడాను మాత్రమే రేటుతో గుణించి పద్దు రాసేయడం. రేటు మారిన ఏడాదిలో పాత నిల్వను సవరించడం మరిచిపోతారు. మధ్యలో ఏదైనా యంత్రం అమ్మితే దాని మీద పోగైన తేడా అలాగే వేలాడుతుంది. దీన్ని పట్టుకునే చిట్కా చాలా తేలిక. ఏడాది చివర ఆస్తుల జాబితాలోంచి కంపెనీ విలువ మొత్తం తీసుకోండి. పన్ను రిటర్నులోంచి బ్లాకుల మిగులు విలువ తీసుకోండి. రెండింటి తేడాను ప్రస్తుత రేటుతో గుణించండి. బ్యాలెన్స్ షీట్‌లో తరుగుదల కింద ఉన్న డిఫర్డ్ టాక్స్ అంతే ఉండాలి. లేదంటే ఎక్కడో జారింది. అయితే ఈ పోలికలో భూమిని కలపకూడదు, దాని మీద తరుగుదలే లేదు.

రేటు విషయంలోనూ జారుతుంటారు. 22 శాతం అని చూసి దానితోనే గుణించేస్తారు. సర్‌చార్జి, సెస్సు కలపకపోతే మన మిల్లు ఆరో ఏడాది బాకీ 6.11 లక్షలకు బదులు 5.34 లక్షలే తేలుతుంది.

ఇంకొకటి తేదీల గొడవ. యంత్రాన్ని ఆ ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే పన్ను లెక్కలో సగం తరుగుదలే ఇస్తారు. అక్టోబరు మొదటి వారం దాటాక బిగించిన యంత్రానికి 15 శాతం కాదు, 7.5 శాతమే. కంపెనీ లెక్కల్లో మాత్రం వాడిన రోజులను బట్టి పంచాలి. ఈ తేడా గమనించక రెండు వైపులా ఏడాది మొత్తానికి వేసేస్తే తొలి అంకెతోనే తప్పు మొదలై ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఆ వరుసను ఎలా చదవాలి?

మన మిల్లు ప్రతి ఏడాదీ ఏప్రిల్‌లో మరో కోటి రూపాయల యంత్రాలు చేర్చుకుంటూ పోతే ఏమవుతుందో చూద్దాం. ఆరేళ్లకు బాకీ 28 లక్షల 70 వేలు అవుతుంది. ఏడో ఏడాది మొదటి యంత్రం మీద బాకీ తగ్గడం మొదలవుతుంది కానీ మొత్తం మాత్రం 34 లక్షల 65 వేలకు పెరుగుతుంది. పాతది తీరుతున్నా కొత్తది అంతకన్నా వేగంగా చేరుతోంది. ఎదిగే కంపెనీల్లో ఈ అంకె ఏటా పెరుగుతూనే ఉండటానికి కారణం ఇదే. అది పెరుగుతోందంటే కంపెనీ ఏదో ఎగవేస్తోందని కాదు, కొత్త యంత్రాలు కొంటోందని. కొనడం ఆగిపోతే కొన్నేళ్లకు ఆ అంకె కుంచించుకుపోతుంది, కట్టే పన్ను లాభాన్ని మించి పెరుగుతుంది. కాబట్టి డిఫర్డ్ టాక్స్ తగ్గడం ఎప్పుడూ శుభవార్త కాదు.

ఈ బాకీ వల్ల కంపెనీకి దక్కే అసలు లాభం ఏమిటంటే, ఆ డబ్బు కొన్నేళ్లు వడ్డీ లేకుండా తన దగ్గరే ఉండటం. మన మిల్లు ఆరో ఏడాది చివర 6.11 లక్షల పన్ను వాయిదా వేసుకుని ఉంది. బ్యాంకు రుణం 10 శాతానికి తెచ్చే మిల్లు అయితే ఏడాదికి 61 వేల వడ్డీ మిగిలినట్టే. పుస్తకాల్లో మాత్రం ఈ లాభం కనిపించదు. ఎప్పుడో తీరే బాకీ కదా, విలువ తగ్గించి చూపిద్దామంటే స్టాండర్డ్‌లు ఒప్పుకోవు. పదేళ్ల తర్వాత తీరేదైనా నిండు అంకెతోనే రాయాలి.

వార్షిక నివేదిక చదివేటప్పుడు మూడు చోట్లు కలిపి చూస్తే చాలు. లాభనష్టాల ఖాతాలో పన్ను ఖర్చును కరెంట్ టాక్స్, డిఫర్డ్ టాక్స్ అని రెండుగా చీల్చి చూపిస్తారు. నోట్స్‌లో డిఫర్డ్ టాక్స్ నిల్వ దేని వల్ల వచ్చిందో విడదీసి ఉంటుంది, తరుగుదల వాటా అక్కడ తెలుస్తుంది. క్యాష్ ఫ్లో పట్టీలో నిజంగా కట్టిన పన్ను ఉంటుంది. తరుగుదల వల్ల పెరిగిన బాకీ కొత్త ఆస్తులకు తగ్గట్టు ఉంటే కంగారు పడక్కర్లేదు. కొత్త యంత్రాలేవీ లేకుండా లాభం ఒక్కసారిగా ఎగిసి, ఆ ఏడాదే డిఫర్డ్ టాక్స్ బాగా తగ్గి ఉంటే మాత్రం ఆ లాభం ఎక్కడి నుంచి వచ్చిందో నోట్స్‌లో వెతకండి. మిల్లు ఆడి వచ్చిన లాభం వేరు, పన్ను రేటు మారి వచ్చిన లాభం వేరు.